ఇరవై నాలుగు పావలాల కథ

చేతిఖర్చు డబ్బులు వారాల తరబడి కూడబెట్టి మాస్టారికి పెన్ను కొనిచ్చిన పిల్లవాడి కథ పిల్లల పత్రికలకు కొత్త కాదు. రాయడం తేలికనిపిస్తుంది గనుక చాలామంది రాస్తారు. చదివాక గుర్తుండేవి మాత్రం కొన్నే. తేడా ఎక్కువగా రెండు చోట్ల తేలిపోతుంది: పెన్నే ఎందుకు కొనాలనుకున్నాడు, డబ్బు ఎలా కూడింది. ఈ రెండూ సరిగ్గా కుదిరితే పెన్ను చేతికిచ్చే ఘట్టంలో రచయిత పెద్దగా శ్రమపడనక్కర్లేదు.

ఉదాహరణకు 1980 ప్రాంతంలో గోదావరి జిల్లా పల్లెటూళ్లో ఆరో తరగతి చదివే వెంకటరమణ అనే కుర్రాడి కథను అల్లి చూడవచ్చు. బడికి వెళ్లేటప్పుడు వాడికి తల్లి రోజుకో పావలా ఇస్తుంది. ఆదివారం బడి లేదు, పావలా లేదు. తెలుగు మాస్టారికి కొనాలనుకున్న సిరా పెన్ను ధర ఆరు రూపాయలు, అంటే ఇరవై నాలుగు పావలాలు.

ఇక కారణం. మాస్టారంటే వాడికి గౌరవం అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే కథకు ఊపిరి ఉండదు. గౌరవం క్లాసులో అందరికీ ఉంటుంది, పెన్ను కొన్నది వీడొక్కడే. వీడి కళ్లకు మాత్రమే కనిపించిందేమిటో రచయిత వెతకాలి. పాత సిరా పెన్నుల తీరు తెలిసినవారికి అది దొరుకుతుంది. ఆ పెన్నుల్లో సిరా నేరుగా గొట్టంలోనే నిలవుంటుంది. సిరా తగ్గేకొద్దీ ఆ మేరకు లోపల గాలి చేరుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను పాళీ వైపు తోస్తుంది, చుక్క రాలుతుంది. నిండుగా ఉన్న పెన్ను బుద్ధిగా రాస్తుంది, అడుగంటిన పెన్ను కక్కుతుంది. మూత పగిలి దారం చుట్టిన పాత పెన్నయితే చెప్పనే అక్కర్లేదు.

మాస్టారు పొద్దున్నే పెన్నులో ఎర్రసిరా పోసుకుని కాపీ పుస్తకాలు దిద్దడం మొదలుపెడతారు. అప్పట్లో చాలా బళ్లలో హాజరుపట్టీ ఇంగ్లిషు అక్షరాల వరసలో ఉండేది. ‘వి’తో పేరున్న వెంకటరమణ పుస్తకం ఎప్పుడూ దొంతర అడుగునే. అక్కడికి వచ్చేసరికి పెన్నులో సిరా అడుగంటుతుంది. అందరి పుస్తకాల్లో రైటు గుర్తు పడితే, వీడి పుస్తకంలో రైటుతోపాటు పప్పుబద్దంత ఎర్రమరక కూడా పడుతుంది. మాస్టారు నొచ్చుకుని పాళీని జుట్టుకు తుడుచుకుంటారు, మరక మీద సుద్దముక్క రుద్ది సిరా పీల్చిస్తారు. ఆ నొచ్చుకోవడం రోజూ చూస్తున్నవాడు వీడొక్కడే. ఇప్పుడు పెన్ను కొనాలన్న కోరిక వీడి సొంతమైంది. ‘గురుభక్తి’ అనే మాట కథలో ఎక్కడా రానక్కర్లేదు.

తర్వాత లెక్క. ఈ కథలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ‘ఎన్నో వారాలు కష్టపడి దాచుకున్నాడు’ అని దాటేస్తే పాఠకుడికి ఆ వారాల బరువు తెలియదు. రోజూ పావలా చొప్పున దాస్తే సరిగ్గా నాలుగు వారాల్లో పని అయిపోతుంది. కానీ పదకొండేళ్ల పిల్లవాడు నాలుగు వారాలు నోరు కట్టుకున్నాడంటే నమ్మడం కష్టం. మొదటి వారం పుల్లైసు బండి గంట విని ఓ రోజు జారాడు: అయిదు పావలాలు. రెండో వారం నాలుగు, మొత్తం తొమ్మిది. మూడో వారం జ్వరమొచ్చి మూడు రోజులు బడి మానేశాడు, బడి లేదు గనుక పావలా కూడా లేదు: పన్నెండు. నాలుగో వారం అయిదు చేరి పదిహేడయ్యాయి. ఆ ఆదివారమే ఊళ్లో అమ్మవారి తీర్థం. చెల్లెలు గాజుల కొట్టు దగ్గర నిలబడి కదలనంటే డబ్బాలోంచి నాలుగు తీశాడు. మిగిలినవి పదమూడు. కథలో అన్నిటికంటే విలువైన చోటు ఇదే. దాచినది తగ్గిపోవడం పాఠకుడు కళ్లారా చూస్తాడు, అయినా వాణ్ణి తప్పుపట్టలేడు. అయిదో వారం అయిదు, ఆరో వారం ఒక్కటీ పోకుండా ఆరు. ఇరవై నాలుగు. నాలుగు వారాల పని ఆరు వారాలు పట్టింది. పాఠకుణ్ణి కథలో నిలబెట్టేది ఆ అదనపు రెండు వారాలే.

ఈ లెక్కంతా కథలో పట్టీలా రాయకూడదు. మూడు నాలుగు చోట్ల అంకె పలికితే చాలు. అయితే రచయిత దగ్గర మాత్రం పూర్తి లెక్క ఉండాలి, ఒక్క పావలా తేడా వచ్చినా పిల్లలు పట్టేస్తారు.

కొట్టు ఘట్టంలో ఒక్క చిన్న పని చాలు. కొట్టతను పాళీని సిరాలో ముంచి, చిత్తుకాగితం చేతికిచ్చి “రాసి చూసుకో బాబూ” అంటాడు. మామూలుగా పిల్లలు సొంత పేరు రాసుకుంటారు. వెంకటరమణ రైటు గుర్తు పెట్టి, కింద మాస్టారి పొట్టి సంతకం వేసి, మరక పడుతుందేమోనని కాసేపు చూస్తాడు.

ఇచ్చే ఘట్టంలో మాస్టారి కళ్లు చెమర్చడం అలవాటైన దారి. నిజంగా ఆ చోట ఉన్న ఉపాధ్యాయుడు మొదట అడిగేది “డబ్బులెక్కడివిరా?” అనే. అడగకపోతే ఆయన మంచి మాస్టారు కాడు. అడిగితే పిల్లవాడి మనసు చివుక్కుమంటుంది. ఇద్దరిదీ న్యాయమే, అందుకే కథ ఇక్కడ బిగుస్తుంది. కొందరు ఇక్కడ దొంగతనం నింద తెచ్చి పెడతారు. దాంతో కథ పెన్నును వదిలేసి నిర్దోషిత్వం రుజువు చేసే దారి పడుతుంది. అంతకంటే, వాడు నోరు విప్పి “పుల్లైసు ఒక్కసారే కొనుక్కున్నానండీ” అంటే చాలు. మాస్టారికి కావలసిన జవాబు అందులోనే ఉంది. అలాగే జబ్బుపడ్డ తల్లి, ఉద్యోగ విరమణ చేస్తున్న మాస్టారు వంటివి చేర్చినా పావలాల కథ పలచబడుతుంది. చివరి పేరాలో నీతి ఉంటే దాన్ని కొట్టేసి చదవాలి. కథకు లోటేమీ కనబడకపోతే ఆ పేరా అనవసరమన్నట్టే.

ఇదే కథను నేటి కాలానికి తెస్తే లెక్క మారుతుంది. పావలా 2011 జూన్ చివరితో చెలామణి నుంచి పోయింది. పది రూపాయలకే బాల్‌పెన్ను దొరుకుతున్నప్పుడు వారాల తరబడి దాచాల్సిన పనే లేదు. ధర పెంచాలనుకుంటే రాజమండ్రి ఎబోనైట్ పెన్ను ఒక దారి. 1930ల్లో అక్కడ మొదలైన రత్నం పెన్నులు స్వదేశీ వస్తువుగా గాంధీజీ మెప్పు పొందాయి. గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు కడ్డీని లేతు మీద తిప్పి చేత్తో చేసే పెన్ను అది. దాని ధర కుర్రాడి చేతిఖర్చుకు అందాలంటే వారాలు చాలవు, నెలలు పడతాయి. అప్పుడు కథలో జారిన రోజులూ పెరగాలి, చెల్లెలి గాజుల్లాంటి ఖర్చులు రెండు మూడైనా కావాలి. మాస్టారు ఇప్పటికీ సిరా పెన్నుతోనే దిద్దుతారని పాఠకుడు నమ్మేలా మొదటి పేజీలోనే చూపాలి.