సైట్ సపోర్ట్ ఉత్తరం: రెండు గంటల లెక్క ఎక్కడ మొదలవుతుంది?

మంగళగిరిలో చీరల దుకాణం ఒకటి ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతోందనుకుందాం. సైట్ వర్డ్‌ప్రెస్ మీద నడుస్తోంది. దాన్ని తయారుచేసిన డెవలపర్, ఇకపై నెలకు 8,000 రూపాయలకు బాగోగులు చూస్తానంటూ యజమానికి ఉత్తరం పంపాడు. అందులో నెలకు 4 గంటల పని, ప్లగిన్ల అప్‌డేట్లు, రోజువారీ బ్యాకప్ ఉన్నాయి. సైట్ ఆగిపోతే 2 గంటల్లో స్పందిస్తానని కూడా రాశాడు. సంతకానికి ముందు నిదానంగా చదవాల్సింది ఆ చివరి వాక్యాన్నే.

శనివారం సాయంత్రం 6 గంటలకు చెల్లింపులు ఆగిపోయాయి. యజమాని వెంటనే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. కానీ ఉత్తరంలో పనివేళలు సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా. ఆ లెక్కన 2 గంటల గడువు సోమవారం 10కి మొదలై మధ్యాహ్నం 12కి ముగుస్తుంది. శని, ఆదివారాల్లోనే ఎక్కువగా అమ్ముకునే దుకాణానికి ఇది సరిపోదు. కొంత అదనంగా చెల్లించైనా ఆ రెండు రోజులనూ ఒప్పందంలో చేర్పించుకోవాలి.

ఇంకో సంగతి. 2 గంటల్లో వచ్చేది జవాబు మాత్రమే, మరమ్మతు కాదు. తప్పు పేమెంట్ గేట్‌వే దగ్గరో, హోస్టింగ్ కంపెనీ దగ్గరో ఉంటే దాన్ని సరిచేయడం డెవలపర్ చేతిలో ఉండదు. అందుకే మరమ్మతుకు గడువు ఇవ్వడానికి చాలామంది ఒప్పుకోరు. దానికి బదులు, సమస్య తీరేదాకా ఎన్ని గంటలకోసారి సమాచారం ఇస్తారో రాయమని అడగవచ్చు. తప్పు బయటివాళ్లదని తేల్చడానికి గంట పడితే, ఆ గంట నెలవారీ 4 గంటల్లోంచి పోతుందా లేదా అన్నదీ ముందే తేల్చుకోవాలి.

మినహాయింపుల్లో సాధారణంగా కొత్త పేజీలు, డిజైన్ మార్పులు, హోస్టింగ్ ఫీజు, డొమైన్ రెన్యువల్, హ్యాకింగ్ తర్వాత సైట్‌ను శుభ్రం చేయడం ఉంటాయి. చివరిది కాస్త చిక్కైనది.

వర్డ్‌ప్రెస్ 2017 జనవరి 26న 4.7.2 వెర్షన్ విడుదల చేసింది. అందులో సరిచేసిన ఒక పెద్ద భద్రతా లోపాన్ని ఫిబ్రవరి 1న బయటపెట్టింది. అప్పటికీ అప్‌డేట్ కాని సైట్ల మీద కొద్ది రోజుల్లోనే దాడులు మొదలై, లక్షల పేజీల్లో రాతలు మారిపోయాయి. నెలకోసారి మాత్రమే అప్‌డేట్ చేసే ఒప్పందం ఇలాంటప్పుడు అక్కరకు రాదు. భద్రతా అప్‌డేట్లకు 48 గంటల వంటి విడి గడువు ఉండాలి. ఆ గడువు దాటాక హ్యాక్ అయితే శుభ్రం చేసే ఖర్చు డెవలపర్‌దేనని రాయించుకుంటే తర్వాత వాదన ఉండదు.

ఒప్పందం ముగించే షరతునూ చూడాలి. 30 రోజుల నోటీసు ఇచ్చాక పాస్‌వర్డ్‌లు, చివరి బ్యాకప్ ఏ తేదీలోగా అప్పగిస్తారో అందులో ఉండాలి. డొమైన్ మాత్రం మొదటి నుంచీ దుకాణం యజమాని పేరు మీదే నమోదై ఉండాలి.