సీసా మీది తేదీ వంటింట్లోనే తేలాలి

ఇందుకూరుపేట నుంచి మైపాడు తీరానికి వెళ్లే దారంతా రొయ్యల గుంటలే. అందుకే ఈ తీరంలో ఇంటి నుంచి అమ్మకానికి వెళ్లే వంటల గురించి మాట్లాడాలంటే రొయ్యల పచ్చడితోనే మొదలుపెట్టాలి. ఆవకాయలో చేసే తప్పుల్ని ఉప్పు, పులుపు చాలావరకు కాస్తాయి. రొయ్యల పచ్చడికి ఆ వెసులుబాటు తక్కువ. దాని లేబుల్ రాయడం వచ్చినవారికి మిగతావి తేలికే.

పదార్థాల పట్టికతో మొదలుపెడదాం. ఒక వాయికి ఒలిచిన పచ్చి రొయ్యలు కిలో, వేరుశనగ నూనె 600 గ్రాములు, నిమ్మరసం 150, కారం 120, ఉప్పు 90, వెల్లుల్లి 60, అల్లం 50, ఆవపొడి 20, మెంతిపొడి 10, ఇంగువ 2 గ్రాములు పడ్డాయనుకోండి. తూకంలో ఎక్కువ పడినది ముందు, తక్కువది చివర రాయాలి. వేగాక కిలో రొయ్యలు అరకిలోకి దిగుతాయి కదా, మరి నూనె ముందా రొయ్యలు ముందా? రొయ్యలే. చూడాల్సింది తయారీలో వేసినప్పటి తూకం. ‘వంట నూనె’ అని సరిపెట్టకూడదు, ఏ నూనో పేరు చెప్పాలి. ‘మసాలా దినుసులు’ అనే ఒక్క మాట వెనక అన్నీ దాచేయడం నాకు నచ్చని అలవాటు.

పట్టిక కింద అలర్జీ మాట విడిగా ఉండాలి. రొయ్యలు, పీతలు పడనివారికి ఒక్క ముక్కే ప్రాణం మీదికి తేవచ్చు. ‘ఇందులో రొయ్యలు ఉన్నాయి’ అని రాయడం తెలిసిన సంగతే. చాలామంది మరిచేది ఇంగువను. బజారులో దొరికే ఇంగువ పొడిలో తరచుగా గోధుమపిండి కలుస్తుంది. డబ్బా తిప్పి చదవండి. ఉంటే ‘గోధుమ’ కూడా రాయాల్సిందే. అదే బాణలిలో జీడిపప్పు వంటకాలు చేస్తే ఆ జాడలు ఉండవచ్చనీ చెప్పాలి.

అసలు చిక్కు తేదీది. పొరుగావిడ సీసా మీద ‘ఆరు నెలలు’ అని ఉంటే మనమూ అదే అచ్చు వేయించడం మామూలైపోయింది. కానీ ఆమె నిమ్మరసం ఎంత పోసిందో, రొయ్యల్ని ఎంత వేయించిందో మనకు తెలియదు. నూనెలో మునిగిన రొయ్య, వెల్లుల్లి ముక్కలకు గాలి తగలదు. బొటులిజం విషాన్ని చేసే బ్యాక్టీరియాకు కావలసింది అదే. సముద్రపు ఆహారంలో కనిపించే ఒక రకమైతే ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరుగుతుంది. దాన్ని ఆపేది పులుపు. పీహెచ్ 4.6 కంటే తక్కువగా ఉండాలి, 4.2 దగ్గరుంటే నిశ్చింత. నూనెలో కొలిస్తే ఏమీ తేలదు. పచ్చడి రెండు రోజులు ఊరాక నూనె వడకట్టి, రొయ్య ముక్కల్ని కొద్దిగా డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తగా నూరి, ఆ ముద్దలో కొలవాలి. కాగితపు పట్టీలు కారం రంగుకే ఎర్రబడతాయి కాబట్టి చిన్న మీటరు కొనుక్కోవడం మేలు. దాన్ని వాడేముందు 4, 7 బఫర్ ద్రావణాలతో సరిచూసుకోవాలి.

పులుపు సరిపోయిందని తేలాకే రోజుల లెక్క. ప్రతి వాయి నుంచి కొన్ని సీసాలు అమ్మకుండా పక్కన పెట్టి, పదిహేను రోజులకొకటి తెరవండి. మూత ఉబ్బినా, నురగ వచ్చినా, నూనె ముక్కవాసన వేసినా అక్కడితో గడువు అయిపోయినట్టే. మూడు నెలలు బాగుంటే లేబుల్ మీద రెండు నెలలే వేయండి, కొనేవాళ్ల ఇల్లు మన ఇంటికంటే వేడిగా ఉండొచ్చు. అయితే బొటులిజం విషానికి రంగూ వాసనా ఉండవు. కాబట్టి ఈ పరీక్ష రుచి నిలిచిందా అన్నదే చెబుతుంది; భద్రత తేల్చడానికి ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుకు ఒక నమూనా పంపాలి. తయారీ తేదీ, ‘ఈ తేదీలోగా వాడాలి’ అనే తేదీ, వాయి నంబరు మూడూ సీసా ఒంటి మీదే ఉండాలి. మూత మీద వేస్తే మూతతోనే పోతాయి. నూనె చెయ్యి తగిలితే పెన్ను రాత చెరుగుతుంది గనుక పైన పారదర్శక టేపు అంటించండి.

ఇక సీసా సంగతి. ఉప్పూ పులుపూ కలిసి మామూలు రేకు మూతను తినేస్తాయి. లోపల పూత ఉన్న మూతలే వాడాలి. పొట్లానికి వార్తాపత్రిక కాగితం వాడటం నిషిద్ధం. లేబుల్ వివరాలు ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ ఉండాలన్నది నిబంధన. తెలుగు అదనంగా వేసుకోవచ్చు. మాంసాహారానికి గోధుమరంగు చతురస్రంలో త్రికోణం గుర్తు ఉంటుంది. పాత డబ్బాల మీది గుండ్రని చుక్క ఇప్పుడు చెల్లదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు, చిరునామా, నికర బరువు, అన్ని పన్నులతో ధర కూడా తప్పవు.

నిల్వ సలహా మాత్రం నాలుగు మాటల్లో రాయండి: ‘తెరిచాక ఫ్రిజ్‌లో ఉంచండి. పొడి చెంచా వాడండి. ముక్కలు నూనెలో మునిగి ఉండాలి. మూత ఉబ్బితే రుచి చూడకుండా పారేయండి.’ ఈ చివరి వాక్యాన్ని మాత్రం పెద్ద అక్షరాల్లో, తెలుగులో వేయించండి.