అత్యధిక దిగుబడి మరుసటి ఏడు ఎందుకు తగ్గుతుంది? – విస్తరణ పరిశోధనలో సగటు వైపు ప్రతిగమనం

సిద్దిపేట జిల్లాలో మొక్కజొన్నను వర్షాధారంగా సాగు చేసే గ్రామాల్లో ఒక వానాకాలం అందరికన్నా ఎక్కువ దిగుబడి తీసిన రైతులను గుర్తించి, మరుసటి వానాకాలం వారి పొలాల్లోనే మళ్లీ కొలిస్తే, వారిలో ఎక్కువ మందికి దిగుబడి తగ్గినట్లు కనిపిస్తుంది. దిష్టి తగిలిందని ఊరివారు అంటారు. సన్మానం జరిగాక శ్రద్ధ తగ్గిందని మరికొందరు విమర్శిస్తారు. అవే గ్రామాల్లో అతి తక్కువ దిగుబడి వచ్చిన రైతులను ఎంచుకొని శిక్షణ ఇస్తే, మరుసటి ఏడు వారి దిగుబడి పెరుగుతుంది. ఆ పెరుగుదలను శిక్షణ ఫలితంగా నివేదికలో చూపడం పరిపాటి.

ఈ రెండు మార్పుల్లోనూ కొంత భాగానికి దిష్టి, అశ్రద్ధ, శిక్షణ ఏవీ కారణం కావు. రైతులను మనం ఎంచుకున్న పద్ధతే దానికి కారణం. గణాంకశాస్త్రంలో దీనిని 'సగటు వైపు ప్రతిగమనం' అంటారు. ఆ భాగం ఎంత ఉండవచ్చో ముందుగానే లెక్కగట్టవచ్చు. లెక్కగట్టకపోతే ఫలించని కార్యక్రమం ఫలించినట్లు, సమర్థుడైన రైతు వెనుకబడినట్లు తప్పుగా నమోదవుతుంది.

దిగుబడిలోని రెండు భాగాలు

ఒక పొలంలో ఒక సీజనులో నమోదైన దిగుబడిని రెండు భాగాల మొత్తంగా భావించవచ్చు. మొదటిది ఏటేటా పెద్దగా మారని భాగం. చల్క నేలా, నల్లరేగడా, నేల లోతెంత, రైతు నైపుణ్యం, పెట్టుబడి స్తోమత వంటివి ఇందులోకి వస్తాయి. రెండవది ఆ ఏటికి మాత్రమే పరిమితమైన భాగం. పూత దశలో బెట్ట తగిలిందా, సరిగ్గా ఆ వారంలోనే ఆ పొలం మీద వాన పడిందా, కత్తెర పురుగు ఈ చేనును వదిలి పక్క చేను మీద పడిందా అన్నవి ఇందులో ఉంటాయి.

కొలతలోని పొరపాటు కూడా ఈ రెండవ భాగానికే చెందుతుంది. పంటకోత ప్రయోగంలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిని కోసి తూచితే, ఆ 25 చదరపు మీటర్ల తూకాన్ని ఎకరానికి, అంటే సుమారు 4,047 చదరపు మీటర్లకు, విస్తరింపజేస్తాం. మడిలో ఒక్క కిలో తేడా ఎకరానికి దాదాపు 162 కిలోల తేడాగా మారుతుంది. హద్దు గీత మీద ఉన్న నాలుగు మొక్కలను లోపల కలిపినా, బయట వదిలినా రైతు స్థానం మారిపోవచ్చు.

జాబితాలో అందరికన్నా పైన ఉన్నవారిలో సాధారణంగా రెండు భాగాలూ అనుకూలంగా ఉంటాయి. వారు సగటు కన్నా మెరుగైన రైతులే. అయితే ఆ ఏడు వారికి కాలం కూడా కలిసివచ్చింది. మరుసటి ఏడు నైపుణ్యం వారితోనే ఉంటుంది, కానీ కలిసివచ్చిన కాలం మళ్లీ వారినే వెతుక్కుంటూ రావాలన్న నియమం లేదు. అందుచేత వారి దిగుబడి సగటు కన్నా ఎక్కువగానే ఉంటూ, గత ఏటి స్థాయి నుండి కిందికి దిగుతుంది. జాబితా అడుగున ఉన్నవారి విషయంలో ఇదే తలకిందులుగా జరుగుతుంది.

ఎంత తగ్గుతుంది?

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. 200 మంది రైతుల మొక్కజొన్న సగటు దిగుబడి ఎకరానికి 20 క్వింటాళ్లు, ప్రామాణిక విచలనం 5 క్వింటాళ్లు అనుకుందాం. విస్తృతి 25 అవుతుంది. ఇందులో 15 రైతుల మధ్య గల స్థిరమైన తేడాల వల్ల, 10 ఆ ఏటి తేడాల వల్ల వచ్చాయని అనుకుంటే, రెండు సీజన్ల దిగుబడుల మధ్య సహసంబంధ గుణకం 15/25, అంటే 0.6 అవుతుంది. మరుసటి ఏటి అంచనాకు సూత్రం ఇది:

అంచనా = సగటు + r × (ఈ ఏటి దిగుబడి − సగటు)

దిగుబడులు సామాన్య విభాజనాన్ని అనుసరిస్తే, పై నుండి పదిశాతం రైతుల సగటు మొత్తం సగటు కన్నా దాదాపు 1.75 ప్రామాణిక విచలనాలు, అంటే సుమారు 8.8 క్వింటాళ్లు ఎక్కువగా ఉంటుంది. కాబట్టి మొదటి 20 మంది సగటు 28.8 క్వింటాళ్లు. మరుసటి ఏడు వారి అంచనా 20 + 0.6 × 8.8, అంటే 25.3 క్వింటాళ్లు. ఏ ఒక్కరి శ్రద్ధా తగ్గకుండానే సగటున 3.5 క్వింటాళ్లు తగ్గాయి. అడుగున ఉన్న 20 మంది సగటు 11.2 క్వింటాళ్లు. వారి అంచనా 14.7 క్వింటాళ్లు. ఏ శిక్షణా లేకుండానే 3.5 క్వింటాళ్లు పెరిగాయి.

ఇక్కడ విద్యార్థులు తరచుగా ఒక సందేహం వెలిబుచ్చుతారు. పైవారు దిగి, కిందివారు ఎక్కితే కొన్నేళ్లకు అందరూ 20 క్వింటాళ్ల దగ్గర చేరాలి కదా? అలా జరగదు. మరుసటి ఏడు కూడా ప్రామాణిక విచలనం 5 క్వింటాళ్లే ఉంటుంది, మొదటి 20 మంది సగటు మళ్లీ 28.8 క్వింటాళ్లే ఉంటుంది. అయితే ఆ జాబితాలోని రైతులు కొంతవరకు మారతారు. మధ్యస్థంగా ఉన్నవారిలో కాలం కలిసివచ్చిన కొందరు పైకి చేరతారు.

గాల్టన్ ఎలా గుర్తించాడు?

ఈ సూత్రం పుట్టింది ఒక విత్తన ప్రయోగంలో. ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్ 1875లో స్వీట్ పీ విత్తనాలను పరిమాణాన్ని బట్టి ఏడు తరగతులుగా విభజించి, వాటిని పెంచి కొత్త విత్తనాలు పంపమని మిత్రులకు ఇచ్చాడు. పెద్ద విత్తనాల సంతతి సగటు కన్నా పెద్దదే గాని తల్లి విత్తనాలంత పెద్దది కాదు. చిన్న విత్తనాల సంతతి సగటు కన్నా చిన్నదే గాని తల్లి విత్తనాలంత చిన్నది కాదు. 1886లో తల్లిదండ్రుల, సంతానపు ఎత్తులను పోల్చినప్పుడూ అతనికి ఇదే కనిపించింది. తల్లిదండ్రుల సగటు ఎత్తు జనాభా సగటు నుండి ఎంత తేడాగా ఉందో, అందులో సుమారు మూడింట రెండు వంతులే సంతానంలో కనిపించింది.

వంశపారంపర్యంలోని ఏదో శక్తి సంతతిని వెనక్కి లాగుతోందని అనిపించడం సహజమే. కానీ లెక్కను తిప్పి చూస్తే, మిక్కిలి పొడవైన సంతానాన్ని ముందు ఎంచుకుంటే, వారి తల్లిదండ్రులు కూడా సగటుకు దగ్గరగానే ఉంటారు. కాలంలో వెనక్కి పనిచేసే శక్తి ఉండదు కనుక, కారణం ఎంపికలోనే ఉందని స్పష్టమవుతుంది.

ఈ తిరుగు పరీక్షను మన దత్తాంశంతో కూడా చేయవచ్చు. రెండవ ఏటి జాబితా నుండి మొదటి 20 మందిని తీసుకొని, వారి మొదటి ఏటి దిగుబడిని చూడాలి. పై ఉదాహరణలో అది దాదాపు 25.3 క్వింటాళ్లు వస్తుంది. నిజంగానే రైతుల శ్రద్ధ తగ్గడం వల్ల దిగుబడి తగ్గి ఉంటే ఈ రెండు లెక్కలు ఇంత సరిగ్గా అద్దంలో బొమ్మల్లా ఉండవు.

శిక్షణ ప్రభావాన్ని వేరు చేయడం

అడుగున ఉన్న 20 మందికీ శిక్షణ ఇస్తే, మరుసటి ఏడు వారి సగటు 11.2 నుండి 16.2 క్వింటాళ్లకు పెరిగిందనుకుందాం. 'శిక్షణ వల్ల 5 క్వింటాళ్ల పెరుగుదల' అని రాయడం సరికాదు. అందులో 3.5 క్వింటాళ్లు ఎలాగూ రావలసినవే. శిక్షణకు ఆపాదించదగినది మహా అయితే 1.5 క్వింటాళ్లు.

దీనిని సూత్రంతో కాక ప్రయోగంతోనే వేరుచేయడం మేలు. ఒకే కొలబద్దతో ఎంచుకున్న తక్కువ దిగుబడి రైతులను చీటీలు తీసి రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు ఈ ఏడు, రెండవ జట్టుకు వచ్చే ఏడు శిక్షణ ఇవ్వాలి. ప్రతిగమనం రెండు జట్లలోనూ సమానంగా ఉంటుంది కనుక, వాటి మధ్య తేడాయే శిక్షణ ప్రభావం. జిల్లా సగటు రైతులను పోలిక జట్టుగా తీసుకుంటే ఈ ప్రయోజనం నెరవేరదు. వారిలో ప్రతిగమనం ఉండదు.

అయితే జట్టు పరిమాణం విషయంలో జాగ్రత్త అవసరం. r విలువ 0.6 అయినప్పుడు, మొదటి ఏటి దిగుబడిని లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఒక్కో రైతు విషయంలో 4 క్వింటాళ్ల ప్రామాణిక విచలనం మిగులుతుంది. జట్టుకు 10 మంది చొప్పున ఉంటే రెండు జట్ల తేడాకు ప్రామాణిక దోషం దాదాపు 1.8 క్వింటాళ్లు. 1.5 క్వింటాళ్ల ప్రభావం అందులో కనిపించకుండా పోతుంది. దానిని 5 శాతం సార్థకత స్థాయిలో, 80 శాతం సంభావ్యతతో గుర్తించాలంటే జట్టుకు సుమారు 110 మంది రైతులు కావాలి. ఒక్క క్లస్టరులో ఇది సాధ్యం కాదు. అనేక క్లస్టర్లు కలిసి ఒకే ప్రణాళికతో చేయవలసిన పని.

పోలిక జట్టు వీలుకాని చోట ఎంపికకు ఒక సీజనును, ప్రారంభ స్థాయి కొలతకు తరువాతి సీజనును వాడి, ఆ తరువాతే శిక్షణ ఇస్తే ప్రతిగమనంలో అధిక భాగం ముందే జరిగిపోతుంది. ఒక్క ఏటికి బదులు మూడేళ్ల సగటుతో ఎంపిక చేయడం కూడా ఉపయోగకరం. పై ఉదాహరణలో ఒక్క ఏటి దిగుబడికి 0.6గా ఉన్న విశ్వసనీయత మూడేళ్ల సగటుకు 0.82కు పెరుగుతుంది. ఒకే సీజనులో, ఒకే స్థానంలో అగ్రస్థానం పొందిన సంకర రకం రైతు పొలాల్లో అంత దిగుబడి ఇవ్వకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. బహుళ స్థాన, బహుళ సంవత్సర పరీక్షల అవసరం ఇక్కడే తెలుస్తుంది.

ఏ సగటు వైపు?

ప్రతి తగ్గుదలకూ ప్రతిగమనమే కారణమనడం కూడా పొరపాటే. మరుసటి ఏడు బెట్ట వల్ల మొత్తం రైతుల సగటే 20 నుండి 17 క్వింటాళ్లకు పడిపోతే, విచలనం మారనంత వరకు, పై 20 మంది అంచనా 17 + 5.3, అంటే 22.3 క్వింటాళ్లు అవుతుంది. అందువల్ల ప్రతి ఏటి దిగుబడినీ ఆ ఏటి సగటు నుండి తేడాగానే చూడాలి.

అలాగే, రైతు ఏ సమూహానికి చెందుతాడో ఆ సమూహపు సగటు వైపే ప్రతిగమనం జరుగుతుంది. చంద్లాపూర్ వద్ద రంగనాయక సాగర్ జలాశయం 2020లో ప్రారంభమైంది. అటువంటి జలాశయం నుండి కొత్తగా కాలువ నీరు అందిన పొలంలో దిగుబడి పెరిగితే, దానిని అదృష్టంగా భావించి వర్షాధార సగటు వైపు తగ్గుతుందని అంచనా వేయరాదు. అక్కడ స్థిరమైన భాగమే మారింది. నీటి వసతి గల పొలాలను, వర్షాధార పొలాలను వేరువేరుగా లెక్కించాలి. r విలువను కూడా ఇతర ప్రాంతాల నుండి అరువు తెచ్చుకోకుండా, అవే పొలాల రెండు సీజన్ల దత్తాంశం నుండి గణించాలి. వాన మీద ఆధారపడిన చోట అది సాధారణంగా తక్కువగా, నీటి వసతి ఉన్న చోట ఎక్కువగా ఉండవచ్చునని ఆశించవచ్చు.

శిక్షణకు ముందు, తరువాత దిగుబడులను చూపే పట్టికలో మరో మూడు అంశాలు ఉంటే పాఠకుడు ఫలితాన్ని సరిగా అంచనా వేయగలడు. రైతులను ఏ ఏటి, ఏ కొలత ఆధారంగా ఎంచుకున్నారు, ఎంపిక చేయని రైతుల సగటు ఆ రెండేళ్లలో ఎంత, రెండు సీజన్ల మధ్య r విలువ ఎంత అన్నవే ఆ మూడు. ఇవి లేని పట్టికలో 5 క్వింటాళ్ల పెరుగుదల కనిపించినా, అందులో శిక్షణ వాటా ఎంతో చెప్పడం సాధ్యం కాదు.