ఎంసీబీ ఫొటోలో ఏం చూడాలి?

ఎంసీబీ పాడైతే చాలామంది బోర్డు మొత్తాన్నీ ఫొటో తీసి షాపులో చూపిస్తారు. అందులో రంగు, ఆకారం తప్ప ఏమీ తెలియవు. ఫ్లాష్ ఆపి దగ్గరగా తీస్తే కంపెనీ పేరు, మోడల్, ‘సి16’ లాంటి గుర్తు చదవొచ్చు.

16 అంటే ఆంపియర్లు. అసలు చూడాల్సింది ఇదే. గీజర్‌కున్న సి16 తరచూ పడిపోతోందని సి32 పెట్టిస్తే, 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేడెక్కి ఇన్సులేషన్ కరిగే స్థితికొచ్చినా కొత్తది పడిపోకపోవచ్చు.

కంపెనీ కూడా ముఖ్యమే. వేరే కంపెనీ ఎంసీబీ పాత బస్‌బార్‌పై సరిగా కూర్చోకపోవచ్చు. పట్టు వదులైతే ఆ చోటే మాడుతుంది.

అక్షరాలు చెరిగిపోతే ఊహించి కొనకండి. ఎలక్ట్రీషియన్‌తో మెయిన్ ఆపించి, దాన్ని ఊడదీయించి, తీగ మందం కూడా చూపించుకుని, ఐఎస్‌ఐ మార్కున్నదే తీసుకోండి.