ముద్రభయం: సౌదీ బడులు, ఆడపిల్లల లెక్కలు

2015లో జరిగిన టిమ్స్ అంతర్జాతీయ పరీక్షలో సౌదీ అరేబియా నాలుగో తరగతి ఆడపిల్లలు గణితంలో మగపిల్లల కన్నా నలభైకి పైగా పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్నారు. ఆ దేశపు సగటు తక్కువే. కొలబద్ద 500 అయితే, అక్కడివారు 400 కూడా అందుకోలేదు. అయినా, లెక్కలు మగపిల్లల సొత్తన్న మాట వింటూ పెరిగిన మనం ఆగి చూడవలసిన తేడా ఇది. అక్కడ ఆడపిల్లల బడులు వేరు. పాఠం చెప్పేవారూ స్త్రీలే.

తన వర్గం మీద పడిన ముద్ర తన వల్ల నిజమని తేలుతుందేమోనన్న భయాన్ని మనస్తత్వ శాస్త్రంలో ‘స్టీరియోటైప్ థ్రెట్’ అంటారు. ముద్రభయం అనుకుందాం. క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్‌సన్ 1995లో నల్లజాతి విద్యార్థుల విషయంలో దీన్ని చూపారు. 1999లో స్పెన్సర్, స్టీల్, క్విన్ గణితంలో గట్టివారైన యువతీ యువకులకు ఒక కఠినమైన పరీక్ష పెట్టారు. ఇందులో స్త్రీ పురుషుల మధ్య తేడాలు కనిపిస్తుంటాయని చెప్పినప్పుడు యువతులు వెనకబడ్డారు. అలాంటి తేడాలు కనిపించలేదని చెప్పినప్పుడు సమానంగా నిలిచారు. ప్రశ్నలు అవే.

జరిగేది ఇది. కఠినమైన లెక్కలో మధ్య మెట్లను కాసేపు మనసులో నిలుపుకోవాలి. ఆ చోటు చాలా ఇరుకు. ‘తప్పితే నన్నేమనుకుంటారు’ అన్న ఆలోచన అందులోనే కొంత ఆక్రమిస్తుంది. కాబట్టి సులభమైన లెక్కలు చెడవు. గణితం పట్టని వారికి ఈ బాధ తక్కువ. దెబ్బ తగిలేది సమర్థులకే.

ముద్రను ఎవరూ పైకి అననక్కరలేదు. ఇన్జ్‌లిక్ట్, బెన్-జీవ్ 2000లో ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టి పరీక్షించారు. తక్కిన ఇద్దరూ మగవారైనప్పుడు యువతుల గణిత ఫలితం తగ్గింది. ముగ్గురూ స్త్రీలైనప్పుడు తగ్గలేదు.

అలాగని సౌదీ అంకెలు ఈ సిద్ధాంతానికి రుజువు కావు. బడులు వేరైనప్పుడు ఉపాధ్యాయులు, క్రమశిక్షణ, ఇంటి దగ్గరి చదువు అన్నీ వేరుగానే ఉంటాయి. మగపిల్లల బడుల లోపమే ఆ తేడాకు కారణం కావచ్చు. పైగా 2018లో నెదర్లాండ్స్‌లో రెండు వేల మందికి పైగా బడిపిల్లలతో ముందే పద్ధతి ప్రకటించి చేసిన అధ్యయనంలో ముద్రభయం ప్రభావం కనబడలేదు. తొలి ప్రయోగాలు చిన్నవి. వాటిలో కనిపించిన ప్రభావం అసలుకన్నా పెద్దదై ఉంటుందని నా అభిప్రాయం. ఈ ప్రభావం అంతటా ఒకేలా ఉండదు.

రియాద్‌లోనో జెడ్డాలోనో బాలికల విభాగంలో చదివి, హైదరాబాదులో అబ్బాయిలే ఎక్కువగా ఉన్న కోచింగ్ తరగతిలో చేరిన అమ్మాయికి మార్కులు పడిపోయాయనుకుందాం. సులభమైన లెక్కలు తప్పలేదు, కఠినమైనవి ఒంటరిగా ఇంట్లో చేసింది, వాటినే హాలులో వదిలేసింది అంటే ముద్రభయాన్ని అనుమానించవచ్చు. ఒట్టి పరీక్ష భయమూ ఇలాగే ఉంటుంది. అయితే అది భౌతిక శాస్త్రం, ఇంగ్లీషు అన్న తేడా లేకుండా అన్నింటినీ పట్టుకుంటుంది. ఇంట్లోనూ ఆ లెక్కలు రాకపోతే లోపం పాఠంలో ఉంది.