వెయ్యి అడుగుల కేబుల్ చివర ఎంత వోల్టేజీ?

మండికల్ చుట్టుపక్కల బోరు వెయ్యి అడుగులు దాటిందంటే ఇప్పుడెవరూ ఆశ్చర్యపోరు. అయితే ఆ లోతు మోటారుకు నీళ్ల లెక్క ఒక్కటే కాదు, కేబుల్ లెక్క కూడా. పైన స్టార్టర్ బదులు వీఎఫ్‌డీ డ్రైవ్‌గానీ, లోపల డ్రైవే ఉండే సోలార్ కంట్రోలర్‌గానీ పెడితే ఈ రెండో లెక్క మొదలవుతుంది.

ఒక బోరును ఉదాహరణగా తీసుకుందాం. మోటారు 1,000 అడుగుల లోతున ఉంది. బోరు నుంచి షెడ్డుకు ఇంకో 100 అడుగులు. కేబుల్ మొత్తం 335 మీటర్లు. లైను 415 వోల్టులు. డ్రైవ్ దాన్ని డీసీగా మార్చితే 587 వోల్టులవుతుంది. ఆ 587 వోల్టులనే తునకలు తునకలుగా మోటారుకు పంపుతుంది. ఒక్కో తునక సున్నా నుంచి పూర్తి ఎత్తుకు లేవడానికి పట్టే సమయం సుమారు 0.2 మైక్రోసెకన్లు, అంటే సెకనులో యాభై లక్షవ వంతు.

కేబుల్‌లో ఆ తునక అలలా పరుగెడుతుంది, మైక్రోసెకనుకు దాదాపు 150 మీటర్ల వేగంతో. చెరువులో అల గట్టుకు కొట్టుకున్నప్పుడు అక్కడ నీళ్లు ఎగిసినట్టే, మోటారు వైండింగ్ దగ్గర వోల్టేజీ ఎగుస్తుంది. అలకు కేబుల్ ఇచ్చే దారి సులువు, వైండింగ్ ఇచ్చే దారి ఇరుకు. అందుకే అల అక్కడ వెనక్కి తిరుగుతుంది, వచ్చేదీ తిరిగేదీ కలిసి దాదాపు రెట్టింపు: 1,174 వోల్టులు. రాత్రిపూట లైను 440కి పెరిగితే 1,244.

ఎంత పొడవు నుంచి ఇలా అవుతుంది? అల పోయి రావడానికి పట్టే కాలం తునక లేచే కాలంతో సమానమైతే చాలు. 0.2 మైక్రోసెకన్లలో అల 30 మీటర్లు పోతుంది, పోయిరావాలి కాబట్టి అందులో సగం, 15 మీటర్లు. అంటే 50 అడుగులే! ఫ్రాంక్లిన్ ఎలక్ట్రిక్ తన సబ్‌మెర్సిబుల్ మోటార్ల మాన్యువల్‌లో 380 వోల్టులు, ఆపైన వాడే డ్రైవ్‌కు 50 అడుగులు దాటితే ఫిల్టర్ పెట్టమంటుంది, మోటారు దగ్గర 1,000 వోల్టులు మించరాదంటుంది. మన బోరు ఆ హద్దుకు 22 రెట్లు.

డ్రైవ్ 4 కిలోహెర్ట్జ్‌లో నడిస్తే ఒక్కో ఫేజులో సెకనుకు 4,000 తునకలు. రోజుకు 7 గంటలు నడిస్తే దాదాపు 10 కోట్లు. దెబ్బ ప్రధానంగా పడేది వైండింగ్ మొదటి కొన్ని చుట్ల మీద. మామూలుగా ఓవర్‌లోడుకో, నీళ్లు లేక నడిచో కాలిన మోటారులో వైండింగ్ అంతా నల్లబడుతుంది. ఈ దెబ్బకు పోయిన మోటారులో మిగతా తీగ బాగానే ఉండి, లీడు దగ్గరి చుట్లలో ఒక చిన్న రంధ్రం కనిపిస్తుంది. రీవైండింగ్ షాపులో మొదట అడగాల్సింది, ఎక్కడ పోయిందని. బోరు అడుగున వోల్టేజీని ఎవరూ కొలవలేరు, అందుకే ఈ గుర్తుకు విలువ.

తునకలను తగ్గించాలని 2 కిలోహెర్ట్జ్‌కు దించితే సంఖ్య సగమవుతుంది, ఎత్తు తగ్గదు. డీవీ/డీటీ ఫిల్టర్లను చాలావరకు 300 మీటర్ల లోపు కేబుల్‌కే చెబుతారు. మన 335కు డ్రైవ్ పక్కనే సైన్ ఫిల్టర్ పెట్టడం సరైన దారి. అది తునకలను నునుపు చేసి దాదాపు మామూలు కరెంటులాగే పంపుతుంది. రెండు షరతులు: దానికి చెప్పిన కనీస కిలోహెర్ట్జ్ కంటే డ్రైవ్‌ను దించకూడదు. కొంత వోల్టేజీని అదీ తింటుంది, కేబుల్ డ్రాప్‌తో కలిపి చూసుకోవాలి.

బేరింగుల కథ వేరే. బోరు మోటారులో నీళ్లే కందెన కాబట్టి అక్కడ నిప్పురవ్వల భయం తక్కువ. కృషి హోండ గట్టు మీద కూర్చున్న మోనోబ్లాక్‌లో బాల్ బేరింగ్ ఉంటుంది, భయం దానికి. డ్రైవ్ మూడు ఫేజుల సగటు వోల్టేజీ సున్నా కాదు, మాటిమాటికీ డీసీలో సగం, 293 వోల్టుల వరకు ఎగురుతుంది. అందులో 5 శాతం షాఫ్ట్ మీదికి చేరినా దాదాపు 15 వోల్టులు. గ్రీజు పొర చాలా పల్చన కాబట్టి నిప్పురవ్వ దూకుతుంది. నెలల తరబడి దూకితే బేరింగు దారిలో బట్టలుతికే బండ గీతల్లాంటి గాళ్లు పడతాయి, మోటారు గరగరమంటుంది. గ్రీజు మార్చినా ఆ శబ్దం పోదు. షాఫ్ట్‌కు ఎర్తింగ్ బ్రష్ పెట్టాలి.

ఎర్తింగ్‌లోనే పెద్ద పొరపాటు జరుగుతుంది. గుంత కొలిస్తే 2 ఓములు, అంతా బాగుందనుకుంటాం. ఆ కొలత నెమ్మది కరెంటుది. తునకల అంచులు మెగాహెర్ట్జ్‌లో ఉంటాయి. సన్నని తీగ మీటరుకు దాదాపు 1 మైక్రోహెన్రీ అనుకుంటే, 10 మీటర్ల తీగ 1 మెగాహెర్ట్జ్ దగ్గర 63 ఓములు! అందుకే వెడల్పైన పట్టీగానీ అల్లిన తీగగానీ, వీలైనంత పొట్టిగా, కేసింగ్ తల నుంచి నేరుగా డ్రైవ్ ఎర్త్ టెర్మినల్‌కు పోవాలి. డ్రైవ్‌కొక గుంత, బోరుకొక గుంత తవ్వి రెంటినీ కలపకపోతే ఆ అంచుల కరెంటు తిరిగే దారిని మట్టిలోనే వెతుక్కుంటుంది. మూడు కోర్ల ఫ్లాట్ కేబుల్, హెచ్‌డీపీఈ పైపు అయితే మోటారు ఒంటికి పైదాకా లోహపు దారే లేదు, అప్పుడు నాలుగో తీగను మోటారు బాడీ నుంచే పైకి తేవాలి. మెగ్గర్ వేసేటప్పుడు మాత్రం డ్రైవ్ నుంచి తీగలు విప్పాకే వేయాలి, లేదంటే మోటారు కన్నా ముందు డ్రైవే పోతుంది.