కాల్చని సిగరెట్టు: విషం తగ్గితే రోగం తగ్గినట్లేనా?

గల్ఫ్ నుంచి సెలవులకు వచ్చే మన కుర్రాళ్ళ జేబుల్లో ఈమధ్య పెన్నులాంటి ఒక పరికరం కనిపిస్తోంది. అడిగితే, "ఇది సిగరెట్టు కాదు మామూ, పొగాకును కాల్చదు, వేడి మాత్రమే చేస్తుంది. విషం తొంభై శాతం తక్కువ" అంటారు. ఈ మాటలో కొంత నిజం ఉంది. అది ఎంతవరకు నిజమో తెలుసుకోవడం మనందరికీ అవసరమని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

పొగాకును కాల్చకుండా వేడి చేయడం మన ప్రాంతానికి కొత్త కాదు. ప్రకాశం జిల్లా బ్యారన్లలో గొట్టాల వేడితో ఆకును క్యూరింగ్ చేస్తారు. ఆకు కాలదు గానీ, పచ్చదనం పోయి పసుపు రంగుకు వస్తుంది. పొగాకుకే ప్రత్యేకమైన నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారకాలు చాలావరకు ఈ క్యూరింగ్ దశలోనే పుడతాయి. అంటే నిప్పు అంటించకముందే ఆకులో కొంత విషం ఉంటుందన్నమాట.

ఇక ఆ పరికరం సంగతి. పొగాకును పొడి చేసి, గ్లిజరిన్ వగైరా కలిపి, పలుచని రేకుగా ఒత్తి చిన్న పుల్లలా చుడతారు. దాన్ని పరికరంలో గుచ్చితే బ్యాటరీ దాన్ని వేడి చేస్తుంది. ఎక్కువగా అమ్ముడయ్యే ఐకాస్ అనే రకంలో వేడి సుమారు 350 డిగ్రీలు దాటదు. సిగరెట్టు దమ్ము లాగినప్పుడు నిప్పు కొన దాదాపు 900 డిగ్రీలకు చేరుతుంది. ఆ మంటలో పుట్టే కార్బన్ మోనాక్సైడ్ వంటివి ఇందులో బాగా తగ్గుతాయి. ఇది వాస్తవం, కాదనం. కానీ 350 డిగ్రీలంటే చిన్న వేడి కాదు. పెనం మీద మాడిన రొట్టెలా పొగాకు కొంత మాడుతుంది, కొన్ని హానికర రసాయనాలూ పుడతాయి. నికోటిన్ ఎలాగూ ఉంటుంది, కాబట్టి అలవాటూ వదలదు.

చిక్కు ఇక్కడే. తొంభై శాతం తక్కువ అన్నప్పుడు, దేన్ని కొలిచారు అని అడగాలి. గుంటూరు మిర్చి శాంపిల్‌లో పురుగుమందు అవశేషాలు తగ్గాయని ల్యాబు రిపోర్టు ఇచ్చిందనుకోండి. ఆ మిర్చిలో బూజు వల్ల చేరే అఫ్లాటాక్సిన్ ఎంత ఉందో ఆ రిపోర్టు చెప్పదు. పరీక్షించినవాటి సంగతే అందులో ఉంటుంది. ఈ పుల్లల ఆవిరిలోనూ అంతే. సిగరెట్టులో ఎక్కువగా ఉండే పదార్థాల జాబితా పెట్టుకుని కొలిస్తే అన్నీ తక్కువగానే కనిపిస్తాయి. జాబితాలో లేని కొన్ని పదార్థాలు ఇందులో సిగరెట్టు పొగలో కంటే ఎక్కువగా ఉన్నట్లు తయారీదారు సొంత కొలతల్లోనే తేలింది.

రెండోది, త్రైరాశికం. విషం పదోవంతుకు తగ్గితే జబ్బూ పదోవంతుకు తగ్గుతుందని మనం బడిలో నేర్పిన లెక్కే వేస్తాం. గుండె ఆ లెక్క వినదు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 141 బృందాల సమాచారాన్ని కలిపి చూసిన ఒక విశ్లేషణ వచ్చింది. రోజుకు ఇరవై సిగరెట్లు తాగేవారిని, ఒక్కటే తాగేవారిని అందులో పోల్చారు. త్రైరాశికం ప్రకారం ఒక్కటి తాగేవారికి అదనపు ముప్పు ఇరవయ్యో వంతు, అంటే అయిదు శాతం ఉండాలి. తేలింది మాత్రం, గుండెజబ్బు విషయంలో మగవారిలో దాదాపు సగం, ఆడవారిలో దాదాపు మూడోవంతు! కొద్ది పొగకే రక్తనాళాలు దెబ్బతింటాయి, ఆపైన ఎన్ని తాగినా ముప్పు పెరిగే వేగం తగ్గుతుంది. ఇది సిగరెట్ల లెక్కే, వేడిచేసే పుల్లలది కాదు. అయినా మోతాదుకూ జబ్బుకూ నిష్పత్తి కుదరదని చూపడానికి ఇది చాలు.

ఇలాంటి వాదన ఇంతకుముందూ విన్నాం. లైట్ సిగరెట్లకు యంత్రం కొలిస్తే తారు తక్కువ వచ్చేది. మనిషి మాత్రం నికోటిన్ చాలక గట్టిగా లాగేవాడు, ఫిల్టరు రంధ్రాలను వేళ్ళతో మూసేవాడు. జబ్బులు తగ్గలేదు. ఇప్పుడు పుల్లలతో పాటు సిగరెట్టు కూడా తాగేవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ విషయంలో ల్యాబు అంకెకు అర్థమే లేదు.

అమెరికా ఆహార ఔషధ సంస్థ 2020 జులైలో ఐకాస్‌పై ఇచ్చిన నిర్ణయం చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. సిగరెట్లను పూర్తిగా మానేసి దీనికి మారితే హానికర రసాయనాలు శరీరానికి తక్కువగా సోకుతాయని చెప్పుకోవడానికి కంపెనీకి అనుమతిచ్చింది. జబ్బుల ముప్పు తగ్గుతుందని చెప్పుకోవడానికి మాత్రం ఇవ్వలేదు. ఆ రెండో మాట నిరూపించాలంటే పూర్తిగా మారినవారినీ, సిగరెట్లు కొనసాగించినవారినీ, అన్నీ మానేసినవారినీ ఏళ్ళ తరబడి గమనించాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడడానికి తరచు ఇరవై, ముప్పై ఏళ్ళు పడుతుంది. ఈ పరికరం జపాన్‌లోని నగోయాలో మొదట అమ్మకానికి వచ్చింది 2014లోనే.

మన దేశంలో 2019 నాటి ఈ-సిగరెట్ల నిషేధ చట్టం వీటికీ వర్తిస్తుంది. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడు బంధువుల కోసం తెచ్చే సామానులో ఇది ఉండకుండా చూడమని మీ పిల్లలకు ముందే చెప్పండి.